హనుమంతమ్మ ఎత్తిన ఆర్‌డీ

కౌల్ బజార్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేసే హనుమంతమ్మకు చీటీలంటే కొట్టిన పిండి. చీటీలో ముందే ఎత్తుకోవాలంటే కొంత వదులుకోవాలి, ఎత్తాక కడదాకా కట్టాలి. ఆ రెండు ముక్కలు తెలిస్తే చాలనుకునే మనిషి. కూతురు మేఘ స్కూలు ఫీజు కోసం బ్యాంకులో నెలనెలా దాచుకునే ఆర్‌డీ కూడా ఆ ధైర్యంతోనే తెరిచింది. ప్రతి నెలా ఏడో తారీఖున జీతం ఖాతాలోంచి కంతు దానంతటదే పోయేది.

ఏడాది నిండడానికి ఇంకొక్క కంతు ఉందనగా, ఈ నెలాఖరుకే ఫీజు కట్టాలని, లేకుంటే సీటు వేరేవాళ్లకిస్తామని స్కూలువాళ్లు చెప్పారు. హనుమంతమ్మ డ్యూటీ దిగి నేరుగా బ్యాంకుకు పోయి, కౌంటర్లో ఉన్న అనూష ముందు నిలబడింది.

"మేడమ్మా, మా మేఘ ఫీజు కట్టాల. ఈ నెల పాట ఎప్పుడు? రెండు వేలు వొదులుకుంటా, నా పేరే రాయి."

"పాటేందమ్మా? ఇది ఆర్‌డీ. నీకు కావాలంటే ఇప్పుడే మూసేయొచ్చు. వడ్డీ కొంచెం తగ్గుతాది, అంతే."

"మిగతావోళ్లు ఒప్పుకోవద్దా?"

"ఎవరు మిగతావోళ్లు? ఇందులో ఉండేది నువ్వొక్కదానివే."

హనుమంతమ్మకు అంతా అయోమయంగా ఉంది. ఒక్కదాంతో చీటీ ఏంది? సంతకం పెట్టమంటే పెట్టింది. ఖాతాలో పడిన సొమ్ము తను కట్టినదానికన్నా ఎక్కువే! ముందే ఎత్తితే తగ్గాలి గానీ పెరగడమేంది? ఎవరి నోరు కొట్టానో ఏమో అని దారంతా భయపడింది. ఫీజు కట్టాక కూడా ఆ భయం పోలేదు.

ఏడో తారీఖు వచ్చింది. కంతు కోసిన మెసేజి రాలేదు. హనుమంతమ్మకు కాలు నిలవలేదు. ఏటీఎంలో డబ్బు తీసుకుని బ్యాంకుకు పరుగెత్తింది.

"ఈ నెల కంతు మర్చిపోయినారు మేడమ్మా. తీసుకో."

"అది మూసేసినాం కదమ్మా! కట్టే పని లేదు."

"ఎత్తినాక కట్టకపోతే ఎట్ల? ఎవరి దుడ్డు తిన్నానో వాళ్లకు మొగమెట్ల చూపించేది?"

అనూషకు నవ్వొచ్చింది గానీ ఆ ముఖం చూసి నవ్వలేకపోయింది. "ఎవరిదీ తినలేదమ్మా. నువ్వే కట్టినావు, నువ్వే తీసుకున్నావు."

"హౌదా? నిజమేనా?" అంది హనుమంతమ్మ. నమ్మకం మాత్రం కుదరలేదు. నోట్లు చేతిలోనే నలుగుతున్నాయి. ఇంతకాలం చీటీలు ముందే ఎత్తుకోవడానికి వదులుకున్న డబ్బంతా ఒక్కసారి గుర్తొచ్చింది.

"అట్లయితే ఈ దుడ్డు ఎవరికియ్యాలా?"

"వచ్చే ఏడు మేఘ ఫీజుకు. కొత్తది తెరుస్తా, ఈసారి గడువుకు ముందే, మే నెలకే చేతికొచ్చేటట్టు."

హనుమంతమ్మ నోట్లు కౌంటర్ మీద పెట్టింది.

"సరే మేడమ్మా. ఈ చీటీలో మాత్రం ఇంకెవర్నీ చేర్చొద్దు."