ఒక మోరీకి నాలుగు నంబర్లు

బోధన్‌లో వార్డు ఆఫీసరుగా ఉన్న రోజుల్లో నేను ఎక్కువసార్లు టైపు చేసిన మాట "ప్రజల భాగస్వామ్యం". అంత అబద్ధమైన మాటను అన్నిసార్లు తప్పుల్లేకుండా టైపు చేసినందుకు నాకు ఏదైనా సన్మానం జరగాల్సింది.

వార్డు బడ్జెట్ జనమే వేసుకోవాలని ఒక సర్క్యులర్ వచ్చింది. పద్ధతి కాగితం మీద ముచ్చటగానే ఉంది. వార్డుకు ఇంత సొమ్ము అని ముందే చెబుతారు. ఏ పని కావాలో జనం దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంజనీరు వచ్చి కొలిచి అంచనా వేస్తాడు. తర్వాత ఇంటికొక చీటీ ఇస్తారు, చీటీ మీద ఒక్క పనికే టిక్కు పెట్టాలి. ఎక్కువ చీటీలు పడ్డ పనికి మొదటి ర్యాంకు. ర్యాంకుల వరుసలో సొమ్ము అయిపోయేదాకా పనులు మంజూరు చేస్తారు. ఇదంతా ఒక పట్టికగా రాసి పైకి పంపే సారాంశం తయారుచేయడం నా వంతు.

మా వార్డు కౌన్సిలరు ఒక మహిళ. ఆమెను నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఫ్లెక్సీ మీదే. మీటింగుల్లో ఆమె కుర్చీలో భర్త కూర్చునేవాడు. జనం ఆయన్నే కౌన్సిలరన్నా అని పిలిచేవారు, ఆయనా పలికేవాడు. వార్డు మొదట్లో స్వాగత ద్వారంగా ఒక పెద్ద కమాన్ కట్టించాలన్నది ఆయన ముచ్చట. కమాన్ దాటితే స్కూటరు నడవని రోడ్డు. ఆ రోడ్డుకు స్వాగతం దేనికని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నాకసలే లేదు. నా భార్య నిజామాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, నేను అక్కడికి బదిలీ అడిగి ఉన్నాను, పై ఆఫీసులో ఒక మాట వేస్తానని ఆయన నాకు మాటిచ్చాడు.

చర్చి వెనకాల ఒక పల్లపు గల్లీ ఉండేది. దానికి మోరీ లేదు, నీళ్లు పోయే కాలువే లేదు. నాలుగు చినుకులు పడితే పై వీధుల మురుగంతా అక్కడికే వచ్చి, చివరింట్లో చేరేది. ఆ ఇంటామె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త లేడు, నడుము పడిపోయిన అత్త మంచంలో ఉంది. దరఖాస్తు తెచ్చిన రోజు ఆమె నా టేబుల్ ముందు నిలబడి, "వానొస్తే అవ్వను లేపి గోడకు ఆనిచ్చి కూసోబెడ్త సారూ. ఒక్కదాన్నే లేపుతున్న. నా నడుం గూడ పోతే ఇగ ఎవలు లేపుతరు" అంది. ఏడవలేదు. బియ్యం ఎసట్లో ఉన్నాయని వెంటనే వెళ్లిపోయింది.

ఆ వారంలోనే అదే గల్లీ నుంచి ఇంకో మూడు దరఖాస్తులు వచ్చాయి. అన్నింట్లోనూ ఒకటే మాట: "మా ఇంటి ముందర మోరీ కట్టియ్యాలె." పింఛనుకైనా రేషన్ కార్డుకైనా ఎవరి కాగితం వాళ్లే పెట్టుకోవాలని, నలుగురి సంతకాలున్న కాగితం ఎవరిదీ కాకుండా పోతుందని మా జనానికి అనుభవం మీద తెలుసు. వాళ్లకు ఆ తెలివి నేర్పింది మా ఆఫీసులే. నేను నాలుగింటికీ నాలుగు నంబర్లు వేశాను.

కొలతలకు ఇంజనీరు వచ్చాడు. గల్లీ చివర పెద్ద నాలా దగ్గర నిలబడి, "మోరీ ఎప్పుడైనా కిందినుంచి కట్టుకుంట పోవాలె. నడుమ ముక్క కడితే నీళ్లు యాడికి పోతయి, అది మోరీ గాదు, తొట్టి" అన్నాడు. అంత తెలిసినవాడు ఆఫీసుకు వచ్చి నాలుగు తొట్లకు నాలుగు అంచనాలు రాశాడు. ఇదేమిటన్నాను. "నాలుగు నంబర్లున్నయి గదా. నేను కలిపితే మిగిలిన మూడిటికి జవాబేదని ఆడిట్‌ల అడుగుతరు" అన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన ఏనాడూ ఏ ప్రశ్నకూ చిక్కలేదు. ఆయన కట్టించిన మోరీల్లో నీళ్లు పారాయా లేదా అన్నది వేరే సంగతి.

చీటీలు వేసే రోజు కౌన్సిలరన్న మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. లెక్క తేలేసరికి కమాన్‌కు అరవై ఒకటి, వీధి దీపాలకు ముప్పై. మోరీ ముక్కలకు ఇరవై నాలుగు, పంతొమ్మిది, పదిహేడు, పద్నాలుగు. పట్టిక టైపు చేస్తూ నాలుగింటినీ మనసులో కలిపాను. డెబ్బై నాలుగు. ఇంటికొకటే చీటీ కాబట్టి ఎవరి ఓటూ రెండుసార్లు పడలేదు, లెక్క నికరం. ఒకే చోటి ఒకే రకం పనులను కలిపి చూపాలని సర్క్యులర్‌లోనే ఉంది. ఆ పని చీటీలకు ముందే చేయాల్సింది నేను. చివరి గడిలో "ఈ నాలుగూ ఒకే పని, కలపవలెను" అని టైపు చేశాను. కాసేపు చూశాను. తుడిచేశాను.

అభ్యంతరాల కోసం కమ్యూనిటీ హాల్లో ఆ పట్టిక చదివి వినిపించాను. కమాన్ మొదటి ర్యాంకు, దాని అంచనాతోనే సొమ్ములో ముప్పాతిక అయిపోయింది. మిగిలింది రెండో ర్యాంకు వచ్చిన వీధి దీపాలకు సరిపోయింది. మోరీ ముక్కలు, సొమ్ము అయిపోయిన చోట గీసిన గీత కింద పడ్డాయి. అప్పుడు వెనక వరసలోంచి వంటామె లేచింది.

"ఆ నాలుగు కలుపుండ్రి సారూ. ఎన్నయితయి?"

నేను పట్టిక మడత పెట్టసాగాను. ఆమె వేళ్లమీద తానే కలుపుకుంది. రోజూ పిల్లల తలలు లెక్కబెట్టి బియ్యం పోసే మనిషికి కూడికలు ఒకరు నేర్పక్కర్లేదు.

"డెబ్బై నాలుగు. కమాన్ కన్న ఎక్కువనే ఉన్నయి గదా. మాది నాలుగు మోరీలు గాదు సారూ, ఒక్కటే."

కౌన్సిలరన్నకు కోపం రాలేదు. అంత అవసరం ఆయనకు లేదు. నవ్వుతూ నావైపు తిరిగి, "ఆఫీసరు సారు ఉన్నరు గదా, చెప్తరు. ఒకటా, నాలుగా?" అన్నాడు.

"రికార్డు ప్రకారం నాలుగు" అన్నాను.

ఆ మాట ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా అన్నానో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పటిదాకా కౌన్సిలరు మొగుడు, ఇంజనీరు, ఆఫీసు మొత్తం నా దృష్టిలో పనికిమాలినవాళ్లు. నేనొక్కడినే పొరపాటున అక్కడ చిక్కుకున్న పెద్దమనిషిని అనుకుంటూ ఉండేవాణ్ణి.

ఎండాకాలంలోనే కమాన్ లేచింది, నాకు బదిలీ ఆర్డరూ వచ్చింది. బోధన్ వదిలే ముందు పెద్ద వాన పడింది. ఫిర్యాదు రాసుకోవడానికి ఆ గల్లీకి వెళ్లక తప్పలేదు. వంటామె ఇంట్లో మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి, నీళ్లు రెండో ఇటుక దాకా వచ్చాయి. ముసలామె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. వంటామె నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని ఉంది, ఒక చేత్తో గోడ పట్టుకుంటే తప్ప వంగలేకపోతోంది. అలాగే వంగి స్టవ్ మీద చాయ్ పెట్టింది.

వద్దమ్మా అన్నాను. వినలేదు, గ్లాసు నా చేతిలో పెట్టింది.

"తప్పు మాదే సారూ" అంది. "నలుగురం ఒక్క కాయితం రాసుకోకపోతిమి. మీరేం జేస్తరు, మీరు గూడ ఉన్నదే చదివిండ్రు."

తప్పు మీది కాదమ్మా, నాది అని చెప్పాల్సింది. చాయ్ మొత్తం తాగి, గ్లాసు ఆమెకిచ్చి వచ్చేశాను.