పెదవి పక్కన పుట్టుమచ్చ

పాప రెండో పుట్టినరోజు ఫొటోలో నా మేకప్ ఎంత దట్టమంటే, పాప అందులో నన్ను చూసి "ఆంటీ" అంది. ఆల్బమ్ ప్రింట్‌కు వెళ్లేలోపు సరిచేయించాలని, పాపను చంకనేసుకుని కూకట్‌పల్లి స్టూడియోకు పరుగెత్తాను.

ఎడిటింగ్ చేసే అమ్మాయి ముందు ముఖమంతా నున్నగా చేసింది. పెదవుల అంచు, వాటి పక్కనున్న పుట్టుమచ్చ మాయమయ్యాయి.

"మైదా ముద్దలా ఉన్నానండీ!"

"ఫికర్ చేయకు అక్కా, జర ఆగు."

మళ్లీ అసలు ఫొటో తెరిచి, ఈసారి రంగులే తగ్గించింది. ముఖం తెలుపును మెడ రంగుకు కలిపింది. పెదవుల ఎరుపు తగ్గించింది కానీ అంచును, కింది నీడను ముట్టుకోలేదు. చర్మం మీది సన్నగీతలు అలాగే ఉన్నాయి.

పాప ముందుకు వంగి, రోజూ నన్ను గిల్లినట్టే స్క్రీన్ మీది పుట్టుమచ్చను గిల్లింది. "అమ్మ!"

"పాప ఓకే చేసింది అక్కా! ఇగ ప్రింట్‌కు పంపనా?"