పన్నెండు రోజుల ముద్ర

వరహాలమ్మ సిస్టర్ ఏ రోగినీ "మందు వేసుకుంటున్నావా?" అని అడగదు. అలా అడిగితే అందరూ తలూపుతారని ఇరవై అయిదేళ్లుగా చూస్తోంది. "ఆఖరి మాత్ర ఏ రోజు మింగావు?" అంటుంది. రోగి తడబడితే ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంటుంది. తెచ్చాక వాటిని కిటికీ వెలుగుకు పట్టి లెక్కపెడుతుంది.

ఆమెది బొబ్బిలి దగ్గర పల్లె. హిందీ మాట్లాడే ఈ భన్‌పురిలో ఇనుప చువ్వలు తీసే కార్ఖానాలో భర్తకు ఫిట్టర్ పని దొరికితే 1974లో ఇక్కడికి వచ్చింది. ఆ ఏడే కార్ఖానా ఆసుపత్రిలో నర్సుగా చేరింది. నేను అక్కడ ఫార్మసిస్టుగా చేరింది 1998 జులైలో. బీ.ఫార్మసీ చదివాను, ఏడాది ప్రొబేషన్, ఇంట్లో పాలు తాగే కూతురు. పిల్లకు జ్వరం మందు పోసేటప్పుడు చుక్కలు రెండుసార్లు లెక్కపెట్టుకునే మనిషిని. అలాంటి నేను 1999 మే నెలలో చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

ఏటా మే నెలలో కొలుములు బాగుచేయడానికి కార్ఖానా పన్నెండు రోజులు మూసేస్తారు. ఆసుపత్రిలో ప్రమాదాల గది తప్ప అన్నీ మూతే, మందుల గది కూడా. ఆ ఏడు పదో తారీఖు నుంచి ఇరవై ఒకటి దాకా. దీర్ఘకాలం మందు వాడేవాళ్ల టికెట్లు, అంటే డాక్టరు రాసే అట్ట కాగితాలు, ముందే మా దగ్గర పెట్టించుకుంటాం. హెడ్డాఫీసు తనిఖీలో ఖాళీ తేదీలు కనపడితే ప్రశ్నలు వస్తాయి. అందుకని మూసే ముందు రోజే ప్రతి టికెట్టు మీదా పదో తారీఖు వేసి "పాత మందే, పదిహేను రోజులు ఇవ్వడమైనది" అని రబ్బరు ముద్ర కొట్టేస్తాం. మందు ఇచ్చేది మాత్రం తెరిచాకే. నాకు ముందున్న ఆయన అలాగే చేశాడట. నన్నూ అలాగే చేయమన్నారు. నూట నలభై టికెట్ల మీద కొట్టాను. చేయి నొప్పెట్టిందని విసుక్కున్నాను కూడా.

ఆ నూట నలభైలో బంగారయ్య టికెట్టు ఒకటి. బంగారయ్య మిల్లు పైకప్పు కింద నడిచే క్రేను ఆపరేటరు. అంతకు ముందటి సెప్టెంబరులో తమ్ముడు చనిపోయాక తిండీ నిద్రా మాని గోడ చూస్తూ కూర్చుంటే, మంగళ, శనివారాల్లో వచ్చే మానసిక వైద్యుడు దూబే సాబ్ పారొక్సెటిన్ ఇరవై మిల్లీగ్రాములు మొదలుపెట్టాడు. నాలుగైదు వారాలకు మనిషి కాస్త తేరుకున్నాడు. జనవరిలో మళ్లీ క్రేనెక్కాడు.

ఇరవై రెండు, శనివారం, ఆసుపత్రి తెరిచిన రోజు. బంగారయ్యను భార్య చిన్నమ్మ చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

"కళ్లిటు తిప్పితే బుర్రలో కరెంటు కొట్టినట్టు అవతంది సాబ్. చక్కర్, ఒకటే తల తిరుగుడు. కడుపులో తిప్పుతంది. రేత్రి పడుకుంటే ఒకటే పిచ్చి కలలు," అన్నాడు సగం హిందీలో, సగం తెలుగులో.

"ఊరకే ఏడుస్తన్నాడు కూడా," అంది చిన్నమ్మ.

దూబే సాబ్ టికెట్టు తిరగేశాడు. పదో తారీఖు ముద్ర ఉంది. అంటే మందు ఆగలేదు. మందు వేసుకుంటూండగానే జబ్బు తిరగబెట్టింది. డోసు నలభై చేశాడు. "క్రేనుకు పనికిరాడు, జూన్ నాలుగున మెడికల్ బోర్డుకు" అని రాశాడు. ఒకసారి తేరుకుని మళ్లీ తిరగబెట్టిన మనిషిని బోర్డు మళ్లీ ఎత్తుకు ఎక్కనివ్వదు. యార్డులో తుక్కు ఏరే పనిలోకి దింపేస్తుంది. అది బంగారయ్యకూ తెలుసు. మందు తీసుకోవడానికి నా కిటికీ దగ్గర నిలబడి టికెట్టు ఇచ్చాడు. నేను మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాను. ఈ పన్నెండు రోజులూ మాత్రలు ఎక్కడివని అడగలేదు.

అప్పటికి నాకు తట్టలేదని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. తట్టీతట్టకుండా ఉన్నదాన్ని నేనే అవతలికి తోసేశాను.

నెలాఖరు ఆదివారం, పండరీ పేట దగ్గర ఓ హోటల్లో, ఊళ్లోని మామూలు డాక్టర్లకు పాఠం ఏర్పాటైంది. ఖర్చంతా ఒక మందుల కంపెనీది. "డిప్రెషన్ మందు ఆపితే వచ్చే లక్షణాలా, జబ్బు తిరగబెట్టడమా: తేడా పట్టడం ఎలా?" అన్నది విషయం. చెప్పేది దూబే సాబ్. ఆయన అక్షరాలు ఆయనకే అర్థం కావు. అందుకని పారదర్శక షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసే పని ప్రతిసారీ వరహాలమ్మదే. స్పెల్లింగులు చూడటానికి గురువారం మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టుకుంది.

సాబ్ రాసిచ్చిన పాఠం శుభ్రంగా ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి. రెండు నిలువు గడులు. ఎడమవైపు మందు ఆపితే వచ్చేవి. చివరి మాత్ర వేసుకున్న రెండు మూడు రోజుల్లో మొదలవుతాయి. తల తిరగడం, వికారం, ఫ్లూ వచ్చినట్టు ఒళ్లునొప్పులు, కరెంటు కొట్టినట్టుండటం, పీడకలలు, చిరాకు, కన్నీళ్లు. చాలామందిలో ఒకటి రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. అదే మందు మళ్లీ ఇస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతాయి. పారొక్సెటిన్ లాంటివి ఒంట్లోంచి తొందరగా పోతాయి కనుక వాటితో ఎక్కువ. ఫ్లూయొక్సెటిన్ వారాల తరబడి ఉంటుంది కనుక దానితో తక్కువ. కుడివైపు జబ్బు తిరగబెట్టడం. వారాలూ నెలలూ గడిచాక మెల్లగా వస్తుంది. పాత దిగులే, పాత నిరాశే, కరెంటు షాకులు ఉండవు. మందు మళ్లీ మొదలుపెట్టినా గుణం కనపడటానికి వారాలు పడుతుంది. కింద ఒక హెచ్చరిక: నిద్రలేమి, ఆందోళన, ఏడుపు రెండింటిలోనూ ఉంటాయి, వాటిని బట్టి తేల్చవద్దు, తేదీలు అడగండి.

ఆరో షీటు ఉదాహరణ. "నలభై రెండేళ్ల క్రేను ఆపరేటరు. మందు వాడుతూండగానే తిరగబెట్టింది. డోసు రెట్టింపు చేయగా మూడో రోజుకు తేరుకున్నాడు."

వరహాలమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"మూడో రోజుకేటమ్మా?" అంది. "సెప్టెంబర్‌లో మొదలెట్టినప్పుడు నెల పట్టింది కదా వాడు నవ్వడానికి."

నేను స్పెల్లింగులు చూస్తున్నట్టు షీటు మీదికి వంగాను.

"మంగళవారం వొచ్చినాడు, చూసినావు కదా. నడిచి వొచ్చినాడు, చక్కర్ లేదు. ఈ షీటు ప్రకారం అది ఏ గడిలోకి వస్తాది?"

"ఎడమ గడి," అన్నాను.

"మరి మందు ఆగితే కదా ఎడమ గడి. టికెట్టు మీద ముద్దరుంది." ఆమె నా మొహం చూసింది. "ఆ ముద్దర ఎవరు కొట్టినారు?"

"నేనే. కానీ అందరూ..."

"అందరి మాట తరవాత. మాత్రలు ఇచ్చినావా?"

ఇవ్వలేదని చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అప్పుడే చిన్నమ్మకు కబురు పంపింది. సాయంత్రం చిన్నమ్మ ఖాళీ స్ట్రిప్పులు కొంగులో కట్టుకొచ్చింది. ఏప్రిల్ ఇరవై అయిదు నుంచి పదిహేను మాత్రలు. మే తొమ్మిదితో ఆఖరు. పదో తారీఖున బంగారయ్య ఆసుపత్రికి వచ్చాడట, తాళం చూపించి వాచ్‌మన్ వెనక్కి పంపేశాడట. బయట కొందామంటే చీటీ లేదు, టికెట్టు మా బీరువాలో ఉంది. పన్నెండో తారీఖు నుంచి తల తిరగడం.

"శనివారం సాబ్ వొస్తాడు. నువ్వే చెప్పాల," అంది వరహాలమ్మ.

"నా ప్రొబేషన్..."

"నీ కూతురికి మందు పట్టించకుండా పట్టించినామని ఎవరైనా రాస్తే ఊరుకుంటావేటి? ఇదీ అంతే."

శనివారం దూబే సాబ్ గదిలో కంపెనీ రిప్రజెంటేటివ్ కూర్చుని సమోసా తింటున్నాడు. నూనె వేళ్లతోనే మా షీట్లు వెలుగుకు పట్టి చూస్తున్నాడు. "కేసు మాత్రం ఫస్ట్ క్లాస్ సార్, డోసు పెంచాలన్న పాయింటు బాగా దిగుతుంది," అంటున్నాడు. నేను అతని ముందే చెప్పేశాను. ముద్ర నాది, మందు ఇవ్వలేదు, బంగారయ్య పన్నెండు రోజులు ఒక్క మాత్రా మింగలేదు.

సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే నేను చికిత్స చేసింది రోగికి కాదు, మీ రబ్బరు ముద్రకి అన్నమాట," అన్నాడు.

"రోగిని అడిగుంటే తెలిసేది సాబ్," అంది వరహాలమ్మ, హిందీలోనే, చాలా మర్యాదగా. "మీ షీట్లోనే ఉంది, తేదీలు అడగమని."

రిప్రజెంటేటివ్ నవ్వబోయి ఆగాడు. "సార్, రేపు ఈ కేసు తీసేస్తే పోతుంది కదా. ఆ బోర్డు సంగతి మనకెందుకు?"

నేను దాదాపు ఆ మాటకు సంతోషించాను. ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన రోత ఇంకెవరి మీదా కలగలేదు.

సాబ్ నన్ను అంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. డోసు మళ్లీ ఇరవైకి దించాడు. ఇంకో రెండు నెలలు ఆ డోసు, తరవాత వారాల మీద మెల్లగా తగ్గించి ఆపాలి అని టికెట్టులో రాశాడు. వరహాలమ్మ అక్కడే నిలబడి ఆరో షీటు తడిగుడ్డతో తుడిచి, కేసును ఎడమ గడికి ఉదాహరణగా మళ్లీ రాసింది.

ఆదివారం హోటల్లో అరవైమంది డాక్టర్లు. కంపెనీ పేరున్న సంచి ప్రతి కుర్చీ మీదా. సగం మంది పాఠం మొదలవకముందే భోజనం ఎన్నింటికని అడిగారు. ముందు వరసలో ఒకాయన సంచిలోని పెన్ను బాగాలేదని మార్పించుకున్నాడు. వరహాలమ్మ ప్రొజెక్టరు పక్కన స్టూలు మీద కూర్చుని షీట్లు మారుస్తోంది.

ఒకాయన లేచాడు. "ఆపితే ఇన్ని బాధలంటే ఇది నల్లమందులా అలవాటు పడటమేగా?"

"కాదు. డోసు పెంచమని ఎవరూ వెంటపడరు, మందు కోసం తహతహ ఉండదు. ఒళ్లు మందుకు సర్దుకుంది, హఠాత్తుగా లాగేస్తే తూలుతుంది. అందుకే మెల్లగా తగ్గించాలి," అన్నాడు దూబే సాబ్. బాగా చెప్పాడు.

ఆరో షీటు వచ్చింది. "ఈ కేసులో టికెట్టు మందు అందిందనే చెప్పింది. నాకు అనుమానం వచ్చి ఖాళీ స్ట్రిప్పులు తెప్పించాను," అన్నాడు. చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ ఏడో షీటు పెట్టింది. నేను ఆమె మొహంలోకి చూశాను, ఏమీ కనపడలేదు. పాఠం అయ్యాక డాక్టర్లు పెరుగు వడల దగ్గర వరస కట్టారు. నేను తినకుండా ఇంటికి వచ్చేశాను.

జూన్ నాలుగున బోర్డు బంగారయ్యను రెండు వారాలు కింద పనిలో ఉంచి, ఆ తరవాత క్రేనుకు ఫిట్ అని రాసింది. కారణం దగ్గర సాబ్ రాసింది ఒక్క ముక్క: "రోగి మందు మధ్యలో మానినందువల్ల." ఎవరు మాన్పించారో లేదు. నా కాగితం ఆయన సొరుగులోనే ఉండిపోయింది. నా ప్రొబేషన్ మాత్రం కారణం చెప్పకుండా ఇంకో ఆరు నెలలు పొడిగించారు.

పది రోజులకు బంగారయ్య మందుకు వచ్చాడు. కిటికీలోంచి చేతులు జోడించాడు.

"నాదే తప్పమ్మా. మందు మానినానని ఫోర్‌మెన్ అందరి ముందూ గాలీలిచ్చి తిట్టినాడు. ముందే అడిగి తీసుకోవాల్సింది నాను."

వెనక వరహాలమ్మ బీపీ మిషను గాలి వదులుతున్న చప్పుడు ఆగింది. నేను బయటికి వచ్చాను, కిటికీ అడ్డం లేకుండా.

"నువ్వు మానలేదు బంగారయ్యా. మేం ఇవ్వలేదు. ఇచ్చినట్టు ముద్ర వేసింది నేను."

అతను టికెట్టు చూశాడు. నీలం ముద్ర మీద బొటనవేలు పెట్టి కాసేపు రుద్దాడు.

"మరి ఆ రోజు నాను తలుపు కొట్టినా ఇచ్చుందురు కాదా?"

"ఇచ్చేవాళ్లం కాదు."

పర్వాలేదు అంటాడేమోనని చూశాను. అనలేదు. "ఈ మాట ఫోర్‌మెన్‌కి చెబుతారా?" అన్నాడు.

ఫోర్‌మెన్ షెడ్డు మిల్లు అవతల ఉంది. మధ్యాహ్నపు ఎండలో అతని వెనకే నడిచాను.