రేకుల బుట్ట పక్క చోటు

ఎవరైనా పని చేస్తుంటే సత్యవేణి వాళ్ల మొహంకేసి చూడదు, చేతులకేసి చూస్తుంది. కె.గంగవరం నుంచి కోడలిగా కొత్తపేట దగ్గరి ఈ ఊరొచ్చిన కొత్తలో అత్తగారు ఆమెను తమ పాకలో పూతరేకులు చుట్టేవాళ్ల మధ్య కూర్చోబెట్టి, "చేతులు చూసి నేర్చుకో" అన్నారు. ఆ అలవాటు ఉండిపోయింది. అత్తగారు పోయాక పాక ఆమె చేతికొచ్చింది. భర్త కొబ్బరితోట పనుల మీద తిరుగుతుంటాడు. మావగారు తాతబ్బాయి అట్టపెట్టెల దగ్గర కూర్చుని పూతరేకులు సర్దుతూ, వచ్చేపోయే వాళ్లందరికీ సలహాలిస్తుంటారు.

రేకులు వెనకింటి ఆడవాళ్లు పొయ్యి మీద బోర్లించిన కుండల మీద తీస్తారు. ఆరిన రేకు పట్టుకుంటే విరుగుతుంది. అందుకే పాకలో ఫ్యాను తిప్పరు. చుట్టేవాళ్లు మంచి రేకు ఒకటి పరిచి, తడిగుడ్డతో అద్ది, మెత్తబడగానే నెయ్యి రాసి బెల్లంపొడి చల్లుతారు. పైన ముక్క రేకులు పేర్చి, మళ్లీ నెయ్యి, బెల్లం వేసి, అంచులు లోపలికి మడిచి చుడతారు. పైకి కనిపించేది ఎప్పుడూ మంచి రేకే కావాలి.

ఆ యేడు శ్రావణం ముందు అమలాపురం మిఠాయి కొట్టు మాణిక్యాలరావు గారు రోజూ పంపేదానికి సగం మళ్లీ కలిపి పంపమన్నారు. సత్యవేణి ఒప్పుకుని ఇద్దరు మనుషుల్ని పెంచింది. మనుషులు పెరిగారు గానీ పెట్టెలు పెరగలేదు. సాయంత్రం వ్యాను వచ్చి గుమ్మంలో నిలబడేది. డ్రైవరు హారన్ కొట్టేవాడు.

"మీవల్ల కాకపోతే చెప్పెయ్యండమ్మా, ఆత్రేయపురం వాళ్లనడుగుతాను" అన్నారు మాణిక్యాలరావు ఫోనులో. మర్యాదగానే అన్నారు.

సత్యవేణి చేతులు చూడడం మొదలుపెట్టింది. అందరిలోకీ వెనకబడ్డది నాగమణి. అత్తగారి కాలం నుంచీ ఉన్న మనిషి, రేకుల బుట్ట పక్కనే కూర్చుంటుంది. కొత్తగా చేరిన యామిని రెండు పళ్లేలు నింపేలోగా నాగమణి పళ్లెం సగంలోనే ఉండేది.

శనివారం పని అయిపోయాక, అందరూ చేతులు కడుక్కుంటుండగా సత్యవేణి అంది: "నాగమణక్కా, నీ చెయ్యి మందగించింది. సోమవారం నుంచి కాస్త ఇంటిపట్టునే ఉండు. నీ చోటు యామిని చూసుకుంటుంది."

నాగమణి చెయ్యి కడుక్కోవడం ఆపలేదు. "ఆయ్, అలాగేనండి" అంది. యామిని తల దించుకుంది.

ఆదివారం పాక తెరవరు. చుట్టేవాళ్లలో సగంమంది చర్చికి వెళ్తారు. సోమవారం యామిని రాలేదు, బిడ్డకి జ్వరమని కబురు పంపింది. బుట్ట పక్కన సత్యవేణే కూర్చుంది.

మొదటిది చుట్టకముందే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది. "అమ్మాయిగారూ, మంచి రేకు ఒకటివ్వండి." ఇచ్చింది. నెయ్యి రాయబోతుంటే ఇంకొకరు: "ముక్క రేకులు అయిపోయాయండీ." బుట్టలో మంచివీ ముక్కలూ కలిసే ఉంటాయి. వెతికి తీస్తే, తీసే చేతి కింద ఇంకో రెండు విరిగేవి. ఈలోగా ఆమె ముందు పరిచిన రేకు తడారి మళ్లీ పెళుసెక్కింది. దాన్ని మళ్లీ అద్దింది. మళ్లీ ఒక చెయ్యి.

"మా కోడలు పళ్లెం ఇంకా ఖాళీయేనా?" అన్నారు తాతబ్బాయి పెట్టెల దగ్గర్నుంచి. "నువ్వూ ఇంటిపట్టునే ఉండాలేమో!"

ఆడవాళ్లు నవ్వలేదు. నవ్వు బిగబట్టుకున్నారు.

సత్యవేణి తన పళ్లెం చూసుకుంది. తర్వాత మొదటిసారి చేతుల్ని కాకుండా, చేతులు దేనికోసం చాస్తున్నారో చూసింది. ఏడుగురూ బుట్టవైపే చాస్తున్నారు. బెల్లం లోపలి గదిలో ఉంది. దానికోసం లేచినవాళ్లు పెట్టెలు తెచ్చేవాళ్లకి అడ్డొస్తున్నారు. ఇద్దర్ని పెంచినప్పుడు ఆ బుట్ట మీదకి ఇంకో రెండు చేతులే వచ్చాయి. ఇన్నాళ్లూ అందరికీ రేకులు ఏరి అందించి, మిగిలిన సందుల్లో నాగమణి తనవి చుట్టుకుందన్నమాట.

"అందరూ ఆపండి" అంది.

"వ్యాను వచ్చే రోజున ఆపడమేంటమ్మా!" అన్నారు తాతబ్బాయి.

"కాసేపేనండి, మావయ్యగారూ."

బుట్ట దించి, మంచివి ఒక వరస, ముక్కలు ఒక వరస పెట్టి మనిషికో పళ్లెం తయారుచెయ్యబోయింది. ఆమె చేతిలో మంచివి కూడా ముక్కలయ్యాయి. అట్టడుగు రేకుని వేలితో మీటి గాలి ఆడేలా ఎత్తడం నాగమణికి తెలుసు, తనకి తెలియదు. ఆ రోజు వ్యాను మామూలుకన్నా తక్కువ పెట్టెలతో వెళ్లింది.

దీపాల వేళకి సత్యవేణి నాగమణి ఇంటికి వెళ్లింది. నాగమణి గుమ్మంలో కూర్చుని చేప పొలుసు తీస్తోంది. లేవలేదు, పీట జరిపింది.

"రేపు రావాలక్కా."

"యామిని ఉంది కదండీ."

"చుట్టడానికి కాదు. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని అందరికీ రేకులు ఏరి పెట్టాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు మొదలుపెడతారు."

"చుట్టిన లెక్కన కదండీ మాకు కూలి? ఏరుకుంటూ కూర్చుంటే నాకేం వస్తుంది?"

సత్యవేణి దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించలేదని అప్పుడే తెలిసింది. "రోజుకూలి ఇస్తాను. ఏరడం అయ్యాక నువ్వు చుట్టినవి మళ్లీ వేరే లెక్క."

నాగమణి చేపని తిప్పి రెండోవైపు పొలుసు తీసింది. "బుట్ట దగ్గర నుంచి లేపేరంటే పని తీసేసినట్టే అనుకుంటారండి అందరూ."

"బుట్టే ఉండదక్కా."

మంగళవారం బుట్ట లేదు. మనిషికో పళ్లెం ఉంది, ఎడమవైపు మంచి రేకులు, కుడివైపు ముక్కలు. ఇద్దరిద్దరి మధ్య ఒక నెయ్యి గిన్నె, ఒక బెల్లం డబ్బా. ఎవరూ లేవనక్కర్లేదు. చుట్టినవాటితో నిండిన పళ్లేలు చేతులు మారుతూ ఒకటే వైపు, తూర్పు గుమ్మం దగ్గరి పెట్టెలకి వెళ్లాలి. రేకుల పళ్లెం ఖాళీ అయ్యేలోగా నాగమణి ఇంకోటి తెచ్చి పెడుతుంది. పాకలో మాటలు తగ్గాయి.

మధ్యాహ్నానికి తాతబ్బాయి ముందు పళ్లేలు గుట్టపడ్డాయి. ఆయన ఒక్కో అట్టపెట్టె అప్పటికప్పుడు మడిచి, పూతరేకు కాగితంలో చుట్టి, పెట్టెలో సర్దుతున్నారు. రేకులు తెచ్చే వెనకింటి ఆడవాళ్లు అదే గుమ్మంలోంచి రావడంతో, దారివ్వడానికి ఆయన మాటిమాటికీ లేవాల్సొస్తోంది.

"మావయ్యగారి చెయ్యి మందగించిందండోయ్" అంది యామిని.

ఈసారి అందరూ నవ్వేరు. నాగమణి నవ్వలేదు.

"సరుకు తూర్పు గుమ్మంలోంచి రావడమే శుభం, ఇంకెటునుంచి వస్తుందే!" తాతబ్బాయి చిరాకుపడ్డారు.

"మొదటి తట్ట తూర్పు నుంచే తెప్పిద్దాం. మిగతావి పెరటి గుమ్మంలోంచి" అంది సత్యవేణి. "పెట్టెలు పొద్దున్నే మడిచి పెట్టుకుందామండి."

ఆయన గుట్టకేసి చూసి, "సరే, మొదటి తట్ట మాత్రం తూర్పు నుంచే రావాలి" అన్నారు.

గురువారం వ్యాను వచ్చేసరికి పెట్టెలు అరుగు మీద పేర్చి ఉన్నాయి, మాణిక్యాలరావు గారు అడిగినన్నీ. డ్రైవరు హారన్ కొట్టకుండానే ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆడవాళ్లంతా వెళ్లాక నాగమణి కిటికీ దగ్గర రాలిన రేకు పొడి ఊడుస్తోంది. సత్యవేణి నెయ్యి గిన్నెలు పోగుచేస్తోంది.

"నా చెయ్యి మందగించిన మాట కొంత నిజమేనండి" అంది నాగమణి, చీపురు ఆపకుండా. "అందరి ముందూ అన్నారు చూడండి, అది అనకుండా ఉండాల్సిందండి."

సత్యవేణి గిన్నెలు కింద పెట్టింది.

"ఆయ్" అంది. "అనకూడదు."

నాగమణి పొడి చేటలోకి ఎత్తి, కోళ్లకి వెయ్యడానికి పెరట్లోకి వెళ్లింది.