దూరంగా నడిచే బోనాలు

అశోక్ నగర్‌లో మా ఆఫీసుకు చేరాలంటే మెట్ల దారిలో హాస్టల్ పిల్లలు ఆరేసిన తువ్వాళ్ల కిందుగా తల వంచి ఎక్కాలి. కింది అంతస్తుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు ఉండేవారు, పై అంతస్తులో మేము. వాళ్లు బట్టీ పట్టే రాజ్యాంగ అధికరణలు మా కిటికీలోంచి వచ్చేవి. మా కంప్యూటర్లలోని డప్పుల మోత వాళ్ల గదుల్లోకి దిగేది. ‘అన్నా, జర సౌండ్ తగ్గించుర్రి’ అని మెట్ల మీంచి అరుపు రాని రోజు ఉండేది కాదు.

మేం చేస్తున్నది ఫోన్‌లో ఆడుకునే ఆట. ఆడేవాడు ఆటో నడుపుతూ చిక్కడపల్లి, నారాయణగూడ, దోమలగూడ గల్లీల్లో సవారీలను దింపాలి. అందులో ఒక ఘట్టం బోనాల రోజు. రోడ్డు మూసుకుపోతుంది, ఆటో దిగి జనం మధ్య నడిచి వెళ్లాలి. ఆ జనాన్ని కదిలించే పని అక్కది. అక్క అంటే మా యానిమేటర్, చిక్కడపల్లి కోడలు. బోనమెత్తుకున్న ఆడవాళ్ల నడక కోసం ఆమె తన అత్తమ్మ నెత్తిన నీళ్ల బిందె పెట్టించి, డాబా మీద అటూ ఇటూ నడిపించి ఫోన్‌లో తీసుకుంది. ఆ వీడియో చూస్తూ నెలల తరబడి కూర్చుంది. బోనమెత్తిన మనిషికి నడుము కింద అంతా కదులుతుంది, మెడ పైన ఏదీ కదలదు. అది పట్టడానికి అన్నాళ్లు పట్టింది.

నా పని ఆ ఆట చవక ఫోన్‌లో కూడా ఆగకుండా నడిచేలా చూడటం. బోనాల ఘట్టం నడవలేదు. ఫోన్ వేడెక్కింది, బొమ్మ ఆగి ఆగి కదిలింది.

సార్ దాన్ని చూసి కుర్చీ వెనక్కి వాల్చారు. ఆ ఆఫీసు ఆయనదే. “వచ్చే వారం ఆటను కొనేటోళ్లకు చూపియ్యాలె. ఇట్ల అయితే కాదు భాయ్. ముంగట పది మందిని ఉంచుదాం. ఎనకంత ఒక పెయింటింగ్ పెడదాం. దూరంల ఉన్నోళ్లను ఎవరు చూస్తరు?”

“బోనాలకు పది మందా సార్?” అంది అక్క. “గది బోనాలా, పాల ప్యాకెట్ల లైనా?”

సార్ నవ్వారు కానీ మాట మార్చుకోలేదు. వారంలోగా ఆ ఘట్టం ఆగకుండా నడిస్తే జనం ఉంటారు, లేకపోతే ఉండరు. అక్క తన సీటుకు వెళ్లి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అందులో పాటేమీ రావడం లేదని నాకు తెలుసు.

నేను కాగితం మీద రాసుకున్నాను. తెర మీద ప్రతి మనిషికీ ప్రతి ఫ్రేములో, అంటే రెప్పపాటులో మారిపోయే ఒక్కో బొమ్మలో, మోకాలు ఎక్కడుండాలి, భుజం ఎంత తిరగాలి అని ఫోన్ లెక్క కట్టాలి. రోడ్డు చివర వేలిగోరంత కనిపించే మనిషికీ అదే లెక్క, అంతే శ్రమ. అది అనవసరం. దూరపు వాళ్లకు నాలుగు ఫ్రేములకోసారి లెక్క కడితే చాలు. అయితే ఆగిన మూడు ఫ్రేముల కాలాన్ని కూడగట్టి నాలుగోసారి కలపాలి, లేకపోతే వాళ్లు నీళ్లలో నడిచినట్టు నెమ్మదిస్తారు. ఇవన్నీ చేశాను. ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పడుతోందో సగటు చూశాను, బాగుంది. ఆ సంతోషంలో గల్లీ చివర టీ కొట్టుకు వెళ్లి ఉస్మానియా బిస్కెట్లు కూడా తెచ్చాను.

అక్క ఫోన్ చేతిలో పట్టుకుని కాసేపు నడిపింది. “ఏంది తమ్మీ, ఇది ఎక్కిళ్లు పెడుతున్నది?”

“సగటు మంచిగనే ఉంది అక్కా.”

“నీ సగటును నువ్వే ఆడుకో. నా చేతికి ఎక్కిళ్లు తెలుస్తున్నయి.”

గ్రాఫ్ తెరిచి చూస్తే దువ్వెన పళ్లలా ఉంది. దూరపు వాళ్లందరికీ నేను ఒకే ఫ్రేములో లెక్క పెట్టాను. మూడు ఫ్రేములు ఖాళీ, నాలుగోది మోయలేనంత బరువు. సగటు ఆ బరువును దాచేసింది. జనాన్ని నాలుగు వంతులు చేసి, ఒక్కో ఫ్రేముకు ఒక్కో వంతు ఇచ్చాను. దువ్వెన పళ్లు పోయాయి.

ఆ తర్వాత బడ్జెట్ పెట్టాను. ఒక్కో ఫ్రేములో మనుషుల కదలికకు ఇంత సమయమే అని గీత గీయడం. దగ్గరి వాళ్లకు ముందు, మిగిలింది వెనక వాళ్లకు. జనం పెరిగితే వెనక వాళ్లు ఇంకా ఆలస్యంగా కదులుతారు తప్ప మొత్తం ఖర్చు ఆ గీత దాటదు. అక్కకు చెబితే, “మా గల్లీల నల్లా లెక్కనే. ముందు వంటింటి బిందెలు, నీళ్లుంటే పూలకుండీలు” అంది.

కానీ నల్లా ముందు వరసలో ఎవరుండాలో నేను సరిగ్గా చూడలేదు. దూరం ఒక్కటే కొలిచాను. అప్పటిదాకా రెండు లెక్కల మధ్య ఫ్రేముల్లో మనిషిని అంచనాగా కొంచెం కొంచెం జరుపుతూ కదలికను నింపేవాణ్ణి; ఒక హద్దు దాటినవాళ్లకు ఆ చిన్న పనిని కూడా ఆపేశాను. అది చవకే, కానీ పూర్తిగా ఉచితం కాదు. అరుగుల మీద నిలబడి చూసేవాళ్లు అలా ఉలిక్కిపడి కదిలినా తేడా కనబడలేదు. రోడ్డు చివర బోనాలు మాత్రం కుదుపు కుదుపుగా వచ్చాయి. కుండ ఒక చోట, మళ్లీ ఇంకో చోట.

అక్క ఫోన్ బల్ల మీద పెట్టేసింది. “తీసెయ్ తమ్మీ. పెయింటింగే నయం.”

“అంత దూరంల చిన్నగ కనవడుతది కదక్కా?”

“ఎంత చిన్నదైనా బోనం ఊగితే పానం జల్లుమంటది. పడ్తదేమో అనిపిస్తది. చూసేటోడు ముంగటోళ్లను ఇడిచి దాన్నే చూస్తడు.”

తెర వైపు మళ్లీ చూశాను. నిజంగానే నా కళ్లు దగ్గరి మనుషులను దాటి ఆ కుండ దగ్గరే ఆగాయి. ప్రాధాన్యం లెక్కలో దూరంతో పాటు ఇంకొకటి చేర్చాను: నెత్తిన బోనం ఉందా? ఉంటే ఎంత దూరమైనా రెండు లెక్కల మధ్య నింపడం ఆగదు. ఆ ఖర్చును అరుగుల మీద వాళ్ల దగ్గర కోశాను. వాళ్లు ఎనిమిది ఫ్రేములకోసారి కదిలారు, ఎవరూ నొచ్చుకోలేదు.

మర్నాడు సార్ మా దగ్గరున్న అన్నిటికంటే పాత ఫోన్‌లో ఆడారు. రోడ్డు ఆ కొస నుంచి ఈ కొస వరకు నడిచారు. ఫోన్ వెచ్చబడింది కానీ ఆగలేదు. ఆయన ఇంకోసారి మొదటి నుంచి ఆడారు. “పెయింటింగ్ చేసేటాయనకు వద్దని చెప్తా” అన్నారు చివరికి.

అక్క సాయంత్రం అత్తమ్మను తీసుకొచ్చింది. ఆమె తువ్వాళ్ల కిందుగా వంగి, మెట్టుకో తిట్టు చొప్పున తిడుతూ ఎక్కింది. ఫోన్ ఇస్తే దూరంగా పట్టుకుని కళ్లు చికిలించింది. ముందున్న వాళ్లను పట్టించుకోలేదు. రోడ్డు చివర, నాలుగు ఫ్రేములకోసారి మాత్రమే లెక్కకు వచ్చే ఒక చిన్న రూపం మీద వేలు పెట్టింది.

“గిది నేనే గదా?”

“ఎట్ల గుర్తువట్టినవ్ అత్తమ్మా?” అంది అక్క.

“నా నడక నాకు తెల్వదా?” ఇంకాసేపు చూసి మొహం చిట్లించింది. “గింత ఉరుకుడెందుకు బిడ్డా? అమ్మవారి కాడికి పోతున్నమా, బస్సు తప్పిపోతున్నదా?”

ఆ రాత్రే కూర్చుని అక్కా నేనూ నడకను కొంచెం నెమ్మది చేశాం. ఆటను కొన్నవాళ్లకు ఆ తేడా తెలియలేదు. ఇప్పుడు నేను వేరే ఊరి చివర, అద్దాల భవనంలో, ఎవరూ బట్టీ పట్టడం వినిపించని చోట పనిచేస్తున్నాను. అప్పుడప్పుడు ఆ ఆట తెరుస్తాను. ఆటో దిగి, పక్కకు జరిగి, బోనాలెత్తుకున్న వాళ్లంతా వెళ్లేదాకా నిలబడతాను.