పెద్ద గుమాస్తాగారి జర్మన్ శుభాకాంక్షలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు నేను రంగూన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుమాస్తాను. కాలేజీలో జర్మన్ చదివాను. మా పెద్ద డాక్టరు జర్మన్ దొర. ఆయన ఉత్తరాల పనిని, తనకు ఆ భాష వచ్చునని చెప్పి, పెద్ద గుమాస్తా అప్పన్నగారు దక్కించుకున్నారు. రాసి టైపు కొట్టడం నా వంతు, పేరు ఆయన వంతు.

డిసెంబరులో ఒకరోజు అప్పన్నగారు పిలిచారు.

"ఒరే సూర్యం, క్రిస్మస్ సభలో సదవాల. జర్మన్‌లో రెండు ముక్కలు రాసీ. ఏసుప్రభువు దీవెనలు దండిగా ఎయ్యి!"

"నర్సులు బౌద్ధులు, కాంపౌండరు సాయిబు, మనం హిందువులం. అందరికీ సరిపోయేలా చిన్నదిగా ఉండాలండీ."

తప్పు లేకుండా రాశాను: "ఫ్రోహె వైనాఖ్టెన్ అల్లెన్, డీ ఎస్ ఫైయెర్న్, ఉండ్ ఉన్స్ అల్లెన్ ఐన్ గెజుండెస్ నొయెస్ యార్." అంటే, జరుపుకునే వారందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు, మనందరికీ ఆరోగ్యకరమైన కొత్త సంవత్సరం.

"దొర ఏటైనా అడిగితే?"

"యా అనండి. అవునని అర్థం. మర్యాదగా ఉంటుంది."

సభలో అప్పన్నగారు చదవగానే చప్పట్లు మోగాయి. దొర ఆ కాగితం తీసుకుని, రిజిస్టర్లలో రోజూ చూసే నా దస్తూరీ గుర్తుపట్టి, ఆయన్ని జర్మన్‌లో అడిగాడు.

"ఇది సూర్యం రాశాడా?"

"యా!"

"నా ఉత్తరాలు కూడానా?"

"యా, యా!"

"అయితే ఆ పని అతనికే ఇద్దామా?"

అప్పన్నగారు గుండె మీద చెయ్యి వేసుకుని మరీ "యా" అన్నారు.

బయటికి రాగానే, "ఏటన్నారురా దొర?" అని అడిగారు.

"మీది చాలా పెద్ద మనసన్నారండీ."

కక్ష మంచిది కాదంటారు. కావచ్చు. ఆ కొత్త సంవత్సరం మాత్రం నాకు చాలా ఆరోగ్యంగా గడిచింది.