ఎనామిల్ గిన్నెలో మరిగిన చెంబెడు నీళ్లు

తొంభయ్యో దశకం చివరి రోజుల్లో మేం తెనాలిలో ఒక గదీ, ఒక మూల వంటిల్లూ అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. నా భార్య భట్టిప్రోలులో టీచరు. పొద్దున్నే రేపల్లె రైలెక్కాలి. గ్యాసు కోసం పేరు రాయించి ఏళ్లయినా మా వంతు రాలేదు. అందుకని మట్టి పళ్లెంలో చుట్టలు చుట్టలుగా ఎర్రబడే తీగ ఉన్న హీటరు మీదే వంట.

ఇంటివారమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఒకనాడు పొంగిన గంజి తీగ మీద పడింది. పాపమని గిన్నె దించబోయిన ఆవిడ షాకు కొట్టి పక్కనున్న బకెట్ మీద పడింది.

"ఆదివారం దాకా గడువిస్తన్నాను బాబూ. ఆ తీగ పొయ్యయినా పోవాలి, మీరైనా పోవాలి" అంది.

స్టేషనుకు అంత దగ్గర్లో ఇంకో గది దొరకదు. దొరక్కపోతే నా భార్య రైలు అందుకోలేదు.

నేనేమీ కంగారుపడలేదు. పదో తరగతితో చదువాగినా, గ్రంథాలయంలో సైన్సు పుస్తకాలు అన్నీ తిరగేసినవాణ్ణి. ఇండక్షన్ పొయ్యి గురించి అప్పటికే చదివాను. బాపట్లలో ఉన్న మా బావమరిది ఓడ ఉద్యోగం నుంచి వస్తూ అలాంటిదొకటి తెచ్చి, వాడటం రాక అటక మీద పడేశాడు. శనివారం వెళ్లి దాన్ని గోనెసంచిలో పెట్టుకొచ్చాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంటివారమ్మ మా గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. నేను మూడు పిన్నుల ప్లగ్గు ఎందుకో, ఎర్తు ఎందుకో ఉపన్యాసమిచ్చాను. "ఇందులో మంట లేదు, ఎర్రబడే తీగ లేదు. గిన్నే వేడెక్కుతుంది. పైనున్న ఈ గాజు పలక వేడెక్కదు" అన్నాను.

నా భార్య సత్తుగిన్నె పెట్టింది. పొయ్యి కీచుకీచుమని ఆరిపోయింది. ఇత్తడి గిన్నె పెట్టింది. మళ్లీ అదే కీచు.

"ఇనుముండాలి. స్టీలంటే ఇనుమేగా, అది పెట్టు" అన్నాను.

పెళ్లినాటి స్టీలు గిన్నెలు నాలుగూ వరసగా కీచుమన్నాయి.

"మీ పుస్తకంలో ఈ గిన్నెల బొమ్మలు వెయ్యలేదా అండీ?" అంది నా భార్య.

స్టీలన్నంత మాత్రాన అన్నిటికీ అయస్కాంతం అంటదని నాకు అప్పటికి తెలీదు. నా భార్య బడిలో వాడే అయస్కాంతం సంచిలోంచి తీసి ఒక్కొక్క గిన్నెకూ ఆనించింది. దేనికీ అతుక్కోలేదు. ఇంట్లో అతుక్కున్నది దోసెల పెనం ఒక్కటే.

"పెనం మీద అన్నం వండుతాడేమో చూద్దాం, అమ్మాయ్" అని నవ్వుతూ ఇంటివారమ్మ లోపలికెళ్లింది. ఆసుపత్రి రోజుల నాటి తెల్ల ఎనామిల్ గిన్నె పట్టుకొచ్చింది. అడుగు చదునుగా ఉంది. అయస్కాంతం టక్కున అతుక్కుంది. లోపల ఇనుమేనన్నమాట. చెంబెడు నీళ్లు పోసి పెట్టాం. పొయ్యి లోపలి ఫ్యాను బుస్సుమంది, నీళ్లలో బుడగలు లేచాయి.

అప్పుడావిడ గోడకున్న కరెంటు మీటరు వైపు చూసి ముఖం చిట్లించింది. "చక్రం హీటరప్పుడు ఎంత జోరుగా తిరిగిందో ఇప్పుడూ అంతే తిరగతందిగా. ఇంకేం మిగిల్నట్టు?"

"జోరు కాదండీ, ఎన్ని చుట్లో చూడాలి. వేడి గాలికి పోకుండా గిన్నెకే పోతది కాబట్టి నీళ్లు తొందరగా మరిగి చక్రం ఆగుద్ది."

"చూద్దాం" అని, నాడి చూసే మనిషి కదా, మీటరు ముందు నిలబడి చక్రం మీది ఎర్ర గీత వచ్చినప్పుడల్లా లెక్కపెట్టింది. మళ్లీ చన్నీళ్లు పోసి అదే గిన్నెతో పెట్టాం. నీళ్లు మరిగేసరికి యాభై ఎనిమిది చుట్లు. తర్వాత అన్నే చన్నీళ్లు హీటరు మీద. ఎనభై తొమ్మిది. ఈసారి స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే గిన్నె దించనిచ్చింది.

గెలిచిన ఉత్సాహంలో, ఇండక్షన్ మీద ఇంకోసారి నీళ్లు మరగబెట్టి, గిన్నె దించగానే "చూడండి, గాజు చల్లగా..." అంటూ అరచేయి ఆనించాను. చురుక్కుమంది. గిన్నె వేడి గాజులోకి దిగుతుందన్న వాక్యం నేను చదవలేదో, చదివి దాటేశానో!

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, చాలాసేపు వదల్లేదు. "గాజు వేడెక్కదని చెప్పిన పుస్తకం మళ్లీ తెచ్చుకోకు బాబూ" అంది. చెయ్యి చల్లబడ్డాక, "హీటరు నాకివ్వు, మా పెరట్లో పాత ఇనప సామాన్ల దగ్గర పడేస్తాను. ఈ గిన్నె మీరుంచుకోండి. ఖాళీగా మాత్రం పొయ్యి మీద పెట్టొద్దు, పూత ఊడుద్ది" అని వెళ్లింది.

మర్నాడు నా భార్య రైలందుకుంది. కారియర్‌లో ఎనామిల్ గిన్నెలో వండిన అన్నం. సాయంత్రం నేను గిన్నెల కొట్టుకు వెళ్లి, అడుగు చదునుగా ఉన్న ప్రతి గిన్నెకూ అయస్కాంతం ఆనించి చూశాను. కొట్టాయన కాసేపు చూసి, "ఏంటండీ సార్, గిన్నెలకు జొరమొచ్చిందా?" అన్నాడు.